సద్దుల బతుకమ్మ రాత్రి మేకప్ తీయాలంటే: క్లెన్సింగ్ ఆయిలా, బామా?

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఆడి, రాత్రి పదిన్నరకు మా ఇంటికి వచ్చిన చిన్నమ్మ కూతురు ఫేస్‌వాష్‌తో మూడుసార్లు ముఖం కడుక్కుంది. నాలుగోసారి ట్యూబు చేతిలోకి తీసుకుంటుంటే నేను ఆపాను. కళ్ల కింద కాజల్ నల్లటి చారలు కట్టి ఉంది. చెంపల మీద చల్లిన నీళ్లు చేమాకు మీద పడినట్టు బొట్లు బొట్లుగా జారిపోతున్నాయి. "తోమి తోమి చర్మం మండుతోందక్కా, ఇది మాత్రం పోవడం లేదు" అంది.

హన్మకొండలో పెళ్లికూతుళ్లకు మేకప్ చేయడం నా పని. మేకప్ ఎలా వేసుకోవాలో చెప్పించుకునేవాళ్లు చాలామంది ఉంటారు. దాన్ని తీసేటప్పుడు ఏం చేయాలో అడిగేవాళ్లు తక్కువ. ఈ మధ్య మాత్రం అందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: క్లెన్సింగ్ ఆయిల్ కొనాలా, క్లెన్సింగ్ బామ్ కొనాలా? డబుల్ క్లెన్సింగ్ అంటే రెండుసార్లు కడుక్కోవడమేనా? రెండూ మేకప్‌ను కరిగించి తీసే నూనె జాతి వస్తువులే, ఆయిల్ సీసాలో పలుచగా, బామ్ డబ్బాలో గడ్డగా ఉంటుంది. ఆ రాత్రి మా చెల్లి ముఖం మీద సగం ఆయిల్‌తో, సగం బామ్‌తో తీసి చూశాను. అందులో తేలినదాన్ని ఆధారం చేసుకునే ఇది రాస్తున్నాను.

ఫేస్‌వాష్ ఎందుకు ఓడిపోయింది

ఆ రోజు మధ్యాహ్నం ఆమె రాసుకున్నది నీటికి తట్టుకునే సన్‌స్క్రీన్. అలాంటి ట్యూబుల్లో కొన్నిటి మీద 40 నిమిషాలు లేదా 80 నిమిషాలు అని రాసి ఉంటుంది. నీళ్లలో అంతసేపు ఉన్నా రక్షణ నిలుస్తుందని దాని అర్థం. అలా నిలవడానికి అందులో పలుచని పొర కట్టే పాలిమర్లు కలుపుతారు. అవి చర్మం మీద ఆరి, నీటిని దగ్గరికి రానివ్వని తెరలా పరుచుకుంటాయి. దాని పైన ఫౌండేషన్, వాటర్‌ప్రూఫ్ కాజల్, మస్కారా, పెదాలకు గంటల తరబడి నిలిచే ద్రవ లిప్‌స్టిక్. వీటిలో మైనాలు, సిలికోన్ రెజిన్లు ఉంటాయి. చెమటకు కరగకుండా ఉండేందుకే అవి తయారయ్యాయి కాబట్టి నాలుగు చెంబుల నీళ్లకు కరగకపోవడంలో వింత లేదు.

కొత్త స్టీలు గిన్నె మీద స్టిక్కర్ పీకిన తరువాత మిగిలే జిగురును గుర్తు తెచ్చుకోండి. ఎంత సబ్బు పెట్టి పీచుతో రుద్దినా అది కదలదు. రెండు చుక్కల నూనె రాసి కాసేపు ఆగితే వేలితోనే ఊడి వస్తుంది. పనసకాయ కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకునేది కూడా ఇందుకే. నూనెలో కరిగేదాన్ని నూనెతోనే తీయాలి. బతుకమ్మ రోజుల్లో గౌరమ్మ పసుపు ముఖానికి పెట్టుకుంటే మరుసటి రోజు వరకు పచ్చగా నిలుస్తుంది కదా, ఆ పసుపు రంగు కూడా నీటిలో కన్నా నూనెలోనే బాగా కరుగుతుంది. ఆయిల్‌తో తీస్తే అది కూడా చాలా వరకు వచ్చేస్తుంది.

డబుల్ క్లెన్సింగ్ అంటే

మొదట నూనె జాతి వస్తువుతో మేకప్, సన్‌స్క్రీన్ కరిగించి తీయడం, తరువాత నీటితో పనిచేసే మెత్తని ఫేస్‌వాష్‌తో మిగిలినదాన్ని కడగడం. ఇంతే. ఒకే ఫేస్‌వాష్‌తో రెండుసార్లు కడుక్కోవడం డబుల్ క్లెన్సింగ్ కాదు. మా చెల్లి మూడుసార్లు చేసిన పని అదే, అందుకే చర్మం మండింది గాని కాజల్ పోలేదు.

ఈ పద్ధతికి జపాన్, కొరియా పేర్లు తగిలించి చెబుతారు. జపాన్‌లో మేకప్ కళాకారుడు షు ఉయెమురా 1967లోనే క్లెన్సింగ్ ఆయిల్‌ను అమ్మకానికి తెచ్చారు. ఆ తరువాత కొరియా సౌందర్య సాధనాల ద్వారా ఆ అలవాటు మన ఊళ్ల దాకా వచ్చింది. కానీ నువ్వుల నూనె పట్టించి, కాసేపు నానిన తరువాత సున్నిపిండితో నలుగు పెట్టుకునే మనకు ఇది అంత కొత్తదేమీ కాదు. తలకు నూనె పెట్టి కుంకుడుకాయ రసంతో రుద్దుకోవడం కూడా రెండు అంచెల శుభ్రతే. కుంకుడు నురుగులో ఉండే సాపోనిన్లు నూనెను పట్టుకుని నీటిలోకి లాగుతాయి.

అయితే ఒక తేడా ఉంది, ఆయిల్, బామ్ ఎంపిక అంతా దాని మీదే ఆధారపడుతుంది. నువ్వుల నూనెను వదిలించే భారమంతా సున్నిపిండిదే. మంచి క్లెన్సింగ్ ఆయిల్‌లో అయితే నూనెను నీటితో కలిపే పదార్థం ముందే కలిపి ఉంటుంది. దాన్ని ఎమల్సిఫయర్ అంటారు. సీసా వెనక పెగ్-20 గ్లిజరిల్ ట్రైఐసోస్టియరేట్ అనో, సోర్బెత్-30 టెట్రాఒలియేట్ అనో, పాలీగ్లిజరిల్ అన్న మాటతో మొదలయ్యే పేరో కనిపిస్తే అదే ఆ పదార్థం. నీళ్లు తగలగానే నూనె పాలలా తెల్లబడి, కరిగిన మేకప్‌ను వెంట పెట్టుకుని జారిపోతుంది. రెండో అంచెలో ఫేస్‌వాష్‌కు మిగిలేది చెమట, దుమ్ము, ఆ కాస్త పలుచని నూనె తడి. అందుకే అది చాలా మృదువైనదైనా సరిపోతుంది.

వంటింటి కొబ్బరి నూనెతో చేయకూడదా అని మా పెద్దమ్మ అడుగుతుంది. మేకప్‌ను అది కూడా కరిగిస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అందులో ఎమల్సిఫయర్ లేదు. నీళ్లు పోస్తే పైన తేలుతుంది, చర్మాన్ని అంటుకునే ఉంటుంది. తడి గుడ్డతో తుడిచి, ఫేస్‌వాష్‌తో గట్టిగా రుద్దితే గాని పోదు. మొటిమలు వచ్చే చర్మం ఉన్నవాళ్లలో కొందరికి ఆ మిగిలిన పొర రంధ్రాలు మూసి చిన్న చిన్న పొక్కులు తెస్తుంది. తలలో చుండ్రు, ముక్కు పక్కన పొట్టు రేగే బాధ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఆ బాధలో పాలుపంచుకునే మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు ఆమ్లాలను తిని పెరుగుతుంది, మొక్కల నూనెలు దానికి ఆహారమే. అలాంటివాళ్లకు పెట్రోలియం నుంచి శుద్ధి చేసి తీసే మినరల్ ఆయిల్ ప్రధానంగా ఉన్న క్లెన్సింగ్ ఆయిల్ మంచిది, ఆ శిలీంధ్రం దాన్ని తినలేదు. మినరల్ ఆయిల్ పేరు వింటే భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. సౌందర్య సాధనాల కోసం శుద్ధి చేసినది రంధ్రాలను మూసే రకం కాదు, పైగా కడిగేసే వస్తువులో అది చర్మం మీద ఉండేది ఒక నిమిషమే.

ముంజేతి మీద పరీక్ష

కొనే ముందు దుకాణంలో శాంపిల్ సీసా ఉంటే, లేదంటే కొన్న రోజే ఇంట్లో, ఇది చేసి చూడండి. నేను ప్రతి కొత్త సీసాకూ చేస్తాను.

పొడిగా ఉన్న ముంజేతి లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ కాజల్‌తో అగ్గిపుల్ల పొడవు గీత గీయండి. ఐదు నిమిషాలు ఆరనివ్వండి. దాని మీద ఒక చుక్క ఆయిల్ గాని, పెసరగింజంత బామ్ గాని పెట్టి, వేలి కొనతో నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. పదిహేను, ఇరవై సెకన్లలో గీత అంచులు చెదిరి, నూనె బూడిద రంగులోకి మారాలి. ఇప్పుడు వేలిని నీళ్లలో ముంచి అదే చోట మళ్లీ తిప్పండి. ఇక్కడే అసలు సంగతి తేలుతుంది. ఆ మరక పలుచని మజ్జిగలా తెల్లబడితే ఎమల్సిఫయర్ సరిగా ఉన్నట్టు. తెల్లబడకుండా నూనె చుక్కలు చుక్కలుగా విడిపోతే, పేరేదైనా అది మామూలు నూనె. తరువాత నల్లా కింద చెయ్యి పెట్టి కడిగి, గుడ్డతో అద్ది, ఆ చోటును వేలితో రాసి చూడండి. జిడ్డు తగలకపోతే శుభ్రంగా పోయినట్టు. జారుడుగా తగిలితే పొర మిగిలి ఉన్నట్టు.

మేకప్ తీసే ఆయిల్ అన్న పేరుతో దొరికే కొన్ని సీసాలు ఈ పరీక్షలో తప్పుతాయి. బాదం నూనెకు సువాసన కలిపి నింపినవే అవి. వాటిని వాడకూడదని కాదు, వాడితే తడి గుడ్డతో తుడవక తప్పదని తెలిసి కొనాలి.

సగం ముఖానికి ఆయిల్, సగం ముఖానికి బామ్

ఇక ఆ రాత్రి సంగతి. మా చెల్లి ముఖాన్ని మెత్తటి తువ్వాలుతో అద్ది పూర్తిగా ఆరనిచ్చాను. ఇది చాలామంది తప్పే చోటు. ముఖం, చేతులు తడిగా ఉంటే ఎమల్సిఫయర్ ముందే నీటితో కలిసిపోయి, మేకప్‌ను కరిగించే బలం తగ్గుతుంది. ఆమె కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటుంది, వాటిని ముందే తీయించాను. లెన్సు మీద నూనె పడితే పొర కట్టి మసకబారుతుంది.

ఎడమ వైపుకు క్లెన్సింగ్ ఆయిల్ ఒకటిన్నర పంపు తీసుకున్నాను. ముఖమంతటికీ అయితే మూడు పంపులు పడుతుంది. తక్కువ తీసుకుంటే వేళ్లు జారక చర్మం లాగుతుంది. కుడి వైపుకు బామ్, దాని డబ్బాతో వచ్చిన చెంచాతో సగం రేగుపండంత. బామ్‌ను ముందు అరచేతుల మధ్య రుద్దాలి. ఐదారు సెకన్లలో అది కరిగి నూనె అవుతుంది. గడ్డను నేరుగా ముఖానికి పెట్టి రుద్దితే అది కరిగే లోపు చర్మం ఒరుసుకుంటుంది.

చెంపలు, నుదురు, గడ్డం మీద రెండింటికీ తేడా కనిపించలేదు. నలభై సెకన్లకు ఫౌండేషన్, సన్‌స్క్రీన్ కలిసి రెండు వైపులా గోధుమ రంగు గుజ్జులా అయ్యాయి. ముక్కు పక్క మడత, చెవి ముందు భాగం, దవడ కింద, నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత దగ్గర మాత్రం కావాలని మరోసారి వేళ్లు తిప్పాను. అక్కడ పొర మిగిలిపోవడం మామూలు. జుట్టు గీత వెంబడి పొక్కులు వస్తున్నాయని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అక్కడ నీళ్లు కూడా సరిగా పోయరు.

కళ్ల దగ్గర తేడా తెలిసింది. ఆయిల్ పలుచగా ఉంటుంది కాబట్టి కనురెప్ప వెంట్రుకల మధ్యకు వెంటనే దిగింది. వేలిని రెప్ప మీద కదపకుండా ఇరవై సెకన్లు ఆనించి ఉంచి, తరువాత పై నుంచి కిందికి జార్చాను. మస్కారా చాలా వరకు వచ్చేసింది. కానీ కొంచెం ఆయిల్ కంట్లోకి కారింది, "అక్కా, అంతా మసగ్గా కనిపిస్తోంది" అని ఆమె ఒక నిమిషం రెప్పలు ఆడించింది. చల్లని నీళ్లతో కడిగితే అది తగ్గిపోయింది. కుడి కంటి దగ్గర బామ్ ఎక్కడ పెడితే అక్కడే ఉంది, కంట్లోకి పోలేదు. వెంట్రుకల మొదళ్ల దాకా మాత్రం అది త్వరగా వెళ్లలేదు, అదే పనిని రెండుసార్లు చేయాల్సి వచ్చింది. చెప్పదగిన ఇంకో సంగతి, వెచ్చని నీటికి చిన్న గొట్టాల్లా ఊడి వచ్చే రకం మస్కారా కూడా ఉంది. అది నూనెకు లొంగదు, దాని పెట్టె మీద గోరువెచ్చని నీళ్లని రాసి ఉంటే అలాగే తీయండి.

పెదాల మీద బామ్ గెలిచింది. ద్రవ లిప్‌స్టిక్ గట్టి పొరలా ఆరి ఉంటుంది. దాని మీద ఆయిల్ నిలవకుండా గడ్డం మీదికి జారింది. బామ్‌ను దట్టంగా పట్టించి అర నిమిషం వదిలేస్తే పొర మెత్తబడి అంచుల నుంచి లేచింది.

తరువాత చేతులు తడిపి రెండు వైపులా మళ్లీ రుద్దాను. ఎడమ వైపు ఒక్క దోసెడు నీళ్లకే పాలలా తెల్లబడింది. కుడి వైపు బామ్ తెల్లబడటానికి మూడుసార్లు చేతులు తడపాల్సి వచ్చింది. నేను తొందరపడి కడిగేశాను, దాంతో కుడి చెంప మీద చేత్తో రాస్తే జిడ్డుగా, కొవ్వొత్తి తాకినట్టు అనిపించింది. మళ్లీ కొంచెం గోరువెచ్చని నీళ్లతో ఇరవై సెకన్లు రుద్దితే అది పోయింది. బామ్ గట్టిగా నిలబడటానికి అందులో మైనం కలుపుతారు, చాలా వాటిలో పాలిథిలిన్ ఉంటుంది, కొన్నిటిలో తేనెమైనం. ఆ మైనాన్ని కూడా నీటితో పంపించాలి కాబట్టి బామ్‌కు ఆ తెల్లబరిచే దశలో కనీసం అర నిమిషం ఇవ్వాలి. బామ్ వాడితే జిడ్డు మిగులుతోందని చెప్పేవాళ్లలో చాలామంది చేసే తప్పు నేను ఆ రాత్రి చేసిన తప్పే.

చివర్లో మృదువైన జెల్ ఫేస్‌వాష్ చిక్కుడుగింజంత తీసుకుని, ముఖమంతా అర నిమిషం పట్టించి కడిగాం. తడి దూదితో రెండు చెంపలూ ఒకసారి తుడిచి చూపించాను. రెండూ తెల్లగానే వచ్చాయి. కళ్ల కింద లేత నీడలా కొంచెం కాజల్ మిగిలింది, దాన్ని వదిలేశాను. రాత్రికి రాత్రి నూటికి నూరు శాతం తీయాలని రెప్పలను రుద్దితే మరుసటి రోజు ఉబ్బిపోతాయి. దూది మీద ఏ మరకా లేకుండా వచ్చేదాకా తుడవడం కూడా వద్దు, చర్మం పై పొర కూడా దూదికి వస్తుంది.

మన నీళ్లు, మన ఎండలు

ఈ వస్తువుల గురించి వేరే ఊళ్లవాళ్లు చెప్పేది వరంగల్‌కు అలాగే వర్తించదు. మన దగ్గర చాలా ఇళ్లలో స్నానానికి బోరు నీళ్లే. బకెట్ అంచున తెల్లటి చార, గీజర్ లోపల గట్టి సున్నపు పొర చూస్తూనే ఉంటాం. ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు బిళ్ల వాటితో కలిస్తే కరగని తెట్టు కడుతుంది, అది చర్మానికి అంటుకుని బిగుతుగా, గరుకుగా అనిపిస్తుంది.

ఆయిల్, బామ్‌లలో వాడే ఎమల్సిఫయర్లలో ఎక్కువ భాగం విద్యుదావేశం లేని రకం, అందుకే కఠినజలం వాటిని పెద్దగా దెబ్బతీయదు. మొదటి అంచె బోరు నీళ్లతోనూ బాగానే సాగుతుంది. దెబ్బ తగిలేది రెండో అంచెకు. అక్కడ సబ్బు బిళ్ల వాడితే, మొదటి అంచెలో శుభ్రపడిన ముఖం మీద తిరిగి తెట్టు పేరుకుంటుంది. డబుల్ క్లెన్సింగ్ తమకు పడలేదని, ముఖం గుంజినట్టు ఉందని చెప్పేవాళ్లను ముందు అడగాల్సింది రెండోసారి దేనితో కడుగుతున్నారని. సబ్బు లేని జెల్ లేదా క్రీము ఫేస్‌వాష్‌కు మారితే చాలామందికి ఆ బాధ తగ్గుతుంది. వీలైతే చివరి రెండు చెంబులు నల్లా నీళ్లు లేదా ఫిల్టరు నీళ్లు పోసుకోండి.

నీటి వేడి కూడా చూసుకోవాలి. జనవరి ఉదయాల్లో బోరు నీళ్లు చల్లగా ఉంటే బామ్‌లోని మైనం ముఖం మీదే మళ్లీ గట్టిపడుతుంది. గోరువెచ్చని నీళ్లు తప్పనిసరి. మేలో దీనికి పూర్తిగా ఎదురు చిక్కు. మిద్దె మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లు కాలుతుంటాయి, వాటితో ముఖం కడిగితే చర్మం ఎండిపోతుంది. బకెట్‌లో పట్టి కాసేపు చల్లారనివ్వండి.

ఎండల గురించి చెప్పాలంటే, కొబ్బరి నూనె సీసానే మంచి కొలబద్ద. అది దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అందుకే చలికాలం ఉదయం సీసాలో పేరుకుని, వేసవిలో నీళ్లలా ఉంటుంది. బామ్ అంత త్వరగా కరగదు. కానీ 44 డిగ్రీల ఎండలో స్కూటర్ డిక్కీలోనో, కిటికీ పక్కన ఎండ పడే చోటో ఉంచితే మెత్తబడి విడిపోతుంది. మళ్లీ గట్టిపడ్డప్పుడు షియా వెన్న లాంటివి రవ్వలా గింజలు కడతాయి. ఆ గింజలు హాని చేయవు, అరచేతిలో రుద్దితే కరుగుతాయి. నూనె పైకి తేలి, అడుగున గట్టి ముద్ద మిగిలితే మాత్రం పైన ఒకలా, కింద ఇంకోలా పనిచేస్తుంది. ఒకసారి నాకు ఆన్‌లైన్‌లో తెప్పించిన బామ్ అలాగే వచ్చింది. మూత తీస్తే పైన అర అంగుళం నూనె. కలిపి వాడి చూశాను, ముంజేతి పరీక్షలో సగంలోనే తెల్లబడటం ఆగింది, తిరిగి పంపించేశాను. ఏప్రిల్, మే నెలల్లో బామ్ తెప్పించుకునేవాళ్లు అందిన రోజే మూత తీసి చూడండి.

మొక్కల నూనెలు ఎక్కువ ఉన్నవాటిలో వేడికి ముక్కిన వాసన రావడం ఇంకో బాధ. నిలవ అప్పడాలను గుర్తు చేసే ఆ వాసన వస్తే వాడకండి. డబ్బా మీద మూత తీసిన బొమ్మలో 12 అంకె ఉంటే, తెరిచిన తరువాత పన్నెండు నెలలని అర్థం. తెరిచిన తేదీని నేను చిన్న కాగితం మీద రాసి అడుగున అంటిస్తాను. బామ్ డబ్బాలోకి తడి వేళ్లు పెట్టకూడదు. పొడి చెంచాతోనే తీయాలి, ఆవకాయ జాడీకి పాటించే నియమమే.

మీకు ఏది

రోజూ ఆఫీసుకో, కాలేజీకో వెళ్తూ నీటికి తట్టుకునే సన్‌స్క్రీన్, కొంచెం కాజల్ మాత్రమే పెట్టుకునేవాళ్లకు నేను ఆయిల్ చెబుతాను. త్వరగా పరుచుకుంటుంది, త్వరగా కడుక్కుపోతుంది, ఎండలకు చెడే భయం తక్కువ, సీసాలోకి తడి చేయి పోదు. సువాసన లేనిదీ, కళ్లకు మంట పెట్టే సుగంధ తైలాలు లేనిదీ ఎంచుకోండి. జిడ్డు చర్మం వాళ్లు నూనె అంటే వెనకడుగు వేస్తారు. పాలలా తెల్లబడి కడుక్కుపోయే రకమైతే అది చర్మానికి జిడ్డు పెంచదు.

పెళ్లిళ్లలో, పండుగల్లో దట్టమైన మేకప్ వేసుకునేవాళ్లకు, ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకు బామ్ మేలు. బ్యాగులో ఒలకదు, కారి కంట్లో పడదు, పెదాల మీదా రెప్పల మీదా పట్టి ఉంటుంది. పొడి చర్మం వాళ్లకు బామ్ కడిగిన తరువాత ముఖం మెత్తగా అనిపిస్తుంది. దానికి బదులు ఆ అర నిమిషం ఓపిక, గోరువెచ్చని నీళ్లు కావాలి.

నా లెక్క ప్రకారం పూర్తి ముఖానికి ఆయిల్ 3 మిల్లీలీటర్లు, బామ్ ఒకటిన్నర గ్రాములు పడుతుంది. 150 మిల్లీలీటర్ల ఆయిల్ సీసా యాభై సార్లకు, 100 గ్రాముల బామ్ దాదాపు అరవై అయిదు సార్లకు వస్తుంది. ధరలు పోల్చేటప్పుడు డబ్బా ధర కాదు, ఒక్కసారికి ఎంత పడుతుందో చూడండి.

మేకప్ లేని రోజున, చెమటకే పోయే తేలికపాటి సన్‌స్క్రీన్ రాసుకున్న రోజున ఇవేవీ అక్కరలేదు. ఒక్కసారి మంచి ఫేస్‌వాష్ చాలు. ఇంట్లోనే ఉన్న ఆదివారం కూడా ఆయిల్, ఫేస్‌వాష్ రెండూ వాడి చర్మాన్ని ఎండబెట్టుకున్నవాళ్లను చూశాను. ఉదయం నిద్ర లేవగానే డబుల్ క్లెన్సింగ్ అసలే వద్దు, ముఖం మీద తీయడానికి ఏమీ ఉండదు. మేకప్ తీసే ద్రవమైన మైసెల్లార్ వాటర్ పెట్టిన దూదితో తుడవడం రైల్లో ఉన్నప్పుడు పనికొస్తుంది. వాటర్‌ప్రూఫ్ కాజల్ మీద మాత్రం ఎన్ని దూదులు పెట్టినా రుద్దక తప్పదు, ఆ రుద్దుడే హాని. రెప్పలకు అతికించే వెంట్రుకలు పెట్టించుకున్నవాళ్లు ఆయిల్, బామ్ రెండింటినీ ఆ అంటు దగ్గరికి తీసుకెళ్లకండి, పెట్టినవాళ్లను అడిగి నూనె లేనిదే వాడండి.

కొత్తది మొదలుపెట్టిన రెండు, మూడు వారాల్లో దవడ వెంబడి, నుదుటి మీద చిన్న పొక్కులు గుంపుగా వస్తే ముందు కడిగే పద్ధతి సరిచూసుకోండి: పొడి ముఖంతో మొదలుపెట్టారా, తెల్లబడేదాకా రుద్దారా, దవడ కింద నీళ్లు పోశారా. అన్నీ సరిగా ఉన్నా తగ్గకపోతే ఆ సీసా మీకు పడలేదు, ఆపేయండి. ఎర్రగా దద్దురు, దురద, పొట్టు వస్తే సీసాను తీసుకుని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి, లోపల ఏముందో వాళ్లు చదివి చెప్పగలుగుతారు.

మా చెల్లి చివరికి రెండూ కొనలేదు. ఆయిల్ ఒక్కటే కొనుక్కుంది. ఆమె రోజూ కాలేజీకి స్కూటర్ మీద వెళ్తుంది, సన్‌స్క్రీనే ఆమెకు ఎక్కువ పని. పండుగలకు లిప్‌స్టిక్ తీయడానికి నా బామ్ డబ్బా ఉంది, దాన్ని వేసవి నాలుగు నెలలూ వంటింట్లో అన్నిటికన్నా కింది అరలో, బియ్యం డబ్బా పక్కన ఉంచుతాను. ఇల్లంతటిలో అక్కడే చల్లగా ఉంటుంది.